ఫైనల్ టై అయ్యి లాజిక్ పజిల్‌తో తేలింది, చివర్లో నా థాంక్స్ స్పీచే తేడా కొట్టింది

మైకుముందు · ఆదివారం రాత్రి 10:12

ఈ రోజు మా క్విజ్ ఫైనల్ అయింది. హోస్టు నేనే, హోస్టింగ్ నాకిది రెండోసారి. ఎనిమిది రౌండ్లు అయ్యేసరికి ఎ జట్టు, బి జట్టు చెరో 115 దగ్గర ఆగాయి. టై అయితే వాడదామని ఒక లాజిక్ పజిల్ ముందే పక్కన పెట్టుకున్నాను. నాలుగు నిమిషాల టైము. జవాబు చీటీ మీద రాసివ్వాలి. ఎవరు ముందు సరైన జవాబిస్తే వాళ్ళు గెలిచినట్టు. ఒక జట్టుకి ఒకే చీటీ.

పజిల్ ఇది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ అని నాలుగు పెట్టెలున్నాయి. ఒకదాంట్లో తాళంచెవి ఉంది. ఒక్కో పెట్టె మీద ఒక్కో వాక్యం రాసుంది:

ఎరుపు: తాళంచెవి పసుపు పెట్టెలో గానీ ఆకుపచ్చ పెట్టెలో గానీ ఉంది.
నీలం: తాళంచెవి ఈ పెట్టెలో లేదు.
పసుపు: తాళంచెవి ఈ పెట్టెలోనే ఉంది.
ఆకుపచ్చ: ఎరుపు పెట్టె మీద రాసింది నిజమే.

వీటిలో ఒక్కటే నిజం. తాళంచెవి ఎక్కడుంది?

1 నిమిషం 40 సెకన్లకి ఎ జట్టు చీటీ ఇచ్చింది. దాని మీద "నీలంలో లేదు. మిగతా మూడింట్లో ఎక్కడైనా ఉండొచ్చు. తేలదు" అని రాశారు. 2 నిమిషాల 35 సెకన్లకి బి జట్టు "ఎరుపు" అని ఇచ్చింది. అదే నా దగ్గరున్న జవాబు. ట్రోఫీ వాళ్ళకి ఇచ్చేశాం.

తర్వాత నేను మాట్లాడింది దాదాపు ఇలా: "మిత్రులారా, ఇంత టెన్షన్ నేనెప్పుడూ చూడలేదు. నా దృష్టిలో ఇద్దరూ విజేతలే, కానీ ట్రోఫీ ఒక్కటే కదా. ఈ రోజు అదృష్టం బి జట్టు వైపు ఉంది. ఎ జట్టు వాళ్ళు తేలదు అని రాశారు. తేలనిది పజిల్ కాదండీ, వాళ్ళ బుర్ర! సరదాకి అన్నాన్లెండి. స్కోరర్లకి, టైమ్‌కీపర్‌కి, వాలంటీర్లకి, మీ అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు."

జనం నవ్వారు. ఎ జట్టులో ఇద్దరు కూడా నవ్వారు. మూడో అమ్మాయి మాత్రం పెన్నుకి మూత పెట్టి, బ్యాగులో వేసుకుని, ఫొటోకి కూడా ఆగకుండా స్టేజీ దిగి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. ఆ జోకు వేయకుండా ఉండాల్సిందని తెలుసు. అది తీసేసినా ఇంకేం తప్పుంది? అలాంటి చోట ఏం మాట్లాడాలి?

ఊరికేవచ్చా · 10:31

థాంక్స్ స్పీచ్ కావాలంటే నా దగ్గర ఒక ఫార్మాట్ ఉందండీ, ఎన్ని ఫంక్షన్లలో వాడానో లెక్కే లేదు. "వేదికనలంకరించిన పెద్దలకు, సభాసదులకు, ఈ కార్యక్రమం దిగ్విజయం కావడానికి ప్రత్యక్షంగానూ పరోక్షంగానూ సహకరించిన ప్రతి ఒక్కరికీ..." అని మొదలుపెడితే మూడు నిమిషాలు ఇట్టే లాగేయొచ్చు. ఫుల్ కాపీ కావాలంటే పెడతాను.

మైకుముందు · 10:34

థాంక్స్ అండీ, కానీ స్పీచ్ అయిపోయింది. ఏం తప్పు జరిగిందో తెలుసుకుందామని అడుగుతున్నా.

ఊరికేవచ్చా · 10:35

ఓహో అయిపోయిందా. అయితే వచ్చే ఏడాదికి పనికొస్తుంది, దాచుకోండి.

గణితపిచ్చి · 10:52

మీ స్పీచ్ సంగతి పక్కన పెట్టండి. నాకైతే ఎ జట్టు చెప్పిందే కరెక్ట్ అనిపిస్తోంది. లెక్కల్లో "ఒకటి ఉంది" అంటే కనీసం ఒకటి ఉందని అర్థం, రెండున్నా మూడున్నా అబద్ధం కాదు. అలా చదివితే నీలం ఒక్కటే ఎగిరిపోతుంది, మిగతా మూడూ కుదురుతాయి. వాళ్ళు రాసింది అక్షరాలా అదే.

అయినా వాళ్ళు ఓడిపోవాల్సిందే. టై బ్రేకర్‌కి జవాబు ఒకటే ఉంటుందని ఎవరికైనా తెలుసు. ఒక అర్థంలో తేలకపోతే తేలే అర్థం ఏదో వెతుక్కోవాలి.

పాతబజర్ · 11:20

ఇరవై ఏళ్ళుగా క్విజ్‌లు నడుపుతున్నాను, ఇలాంటివి రెండు మూడు నా నెత్తినా పడ్డాయి. ముందు పజిల్ చూద్దాం. అది తేలకుండా స్పీచ్ గురించి మాట్లాడటం దండగ.

తాళంచెవి ఎక్కడుంటే ఎన్ని వాక్యాలు నిజమవుతాయో లెక్కేశాను. ఎరుపులో ఉంటే నీలం మీద రాసింది ఒక్కటే నిజం. నీలంలో ఉంటే ఒక్కటి కూడా నిజం కాదు. పసుపులో ఉంటే నాలుగూ నిజమే. ఆకుపచ్చలో ఉంటే పసుపు మీద రాసింది తప్ప మిగతా మూడూ నిజం. కాబట్టి సరిగ్గా ఒక్కటే నిజమైతే ఎరుపు. కనీసం ఒకటి నిజమైతే, ఎ జట్టు చీటీలో ఏం రాసిందో అదే. ఒక్క మాట కూడా తేడా లేదు.

అంటే వాళ్ళు పజిల్ వదిలేసి చేతులెత్తేయలేదు. నాలుగు కేసులూ కట్టి, నీలాన్ని కొట్టేసి, మిగిలింది రాశారు. అదీ నిమిషం నలభై సెకన్లలో! వదిలేసిన వాళ్ళు "నీలంలో లేదు" అని ఎందుకు రాస్తారు? ఆ చీటీ మీ చేతిలో ఉండగానే మీరు జోకు వేశారు. నొప్పి అక్కడుంది.

గణితపిచ్చి గారూ, మీరన్నది సగం ఒప్పుకుంటాను. లెక్కల్లో "ఒకటి ఉంది" అంటే కనీసం ఒకటే. కానీ మైకుముందు గారు "ఒక్కటే" అని రాశారు. ఆ చివరి ఏత్వం ఉన్నాక కనీసం అనే ప్రశ్నే రాదు. "ఒక్కటే" అని చదివి కూడా ఎ జట్టు ఆ జవాబు రాసిందంటే నమ్మబుద్ధి కావడం లేదు. హోస్టు గారూ, స్క్రీన్ మీద ఏముందో ఒకసారి చూస్తారా? గుర్తున్నది కాదు, స్లైడ్ తెరిచి చూసి చెప్పండి.

మైకుముందు · 11:48

చూశాను. కొంప మునిగింది.

నా నోట్స్‌లో "ఒక్కటే నిజం" అని ఉంది. స్లైడ్‌లో "వీటిలో ఒకటి నిజం" అని ఉంది. లైన్ రెండో వరుసలోకి పోతోందని ముందు రోజు రాత్రి నేనే కుదించాను. ఇప్పుడు గుర్తొచ్చింది. వీడియో కూడా విన్నాను. నోటితో మాత్రం "ఒక్కటే" అనే చదివాను, స్పష్టంగా వినిపిస్తోంది. అంటే విన్నవాళ్ళకి ఒకటి, చూసినవాళ్ళకి ఇంకొకటి.

నసగాడు · 11:55

అసలు టై బ్రేకర్‌కి లాజిక్ పజిల్ పెట్టడమే తప్పు. ఎనిమిది రౌండ్లు తెలిసిన విషయాల మీద నడిపి, చివర్లో పెట్టెలూ తాళాలూ ఏంటి? దగ్గరి సంఖ్య ప్రశ్న ఒకటి పడేస్తే అయిపోయేది. ఎవరిది దగ్గరైతే వాళ్ళదే ట్రోఫీ. తగువే ఉండదు.

పాతబజర్ · సోమవారం ఉదయం 6:40

దగ్గరి సంఖ్యతోనూ తగువులు చూశాను. భూమికీ చంద్రుడికీ మధ్య సగటు దూరం ఎన్ని కిలోమీటర్లు అని ఒకాయన టై బ్రేకర్ అడిగాడు. రెండు జట్లూ 3,84,400 అని రాసిచ్చాయి. మళ్ళీ టై! ఫైనల్‌కొచ్చిన వాళ్ళకి అలాంటివి కంఠస్థం. ఎవరికీ కచ్చితంగా తెలియని, కానీ అంచనా వేయగలిగే సంఖ్య పట్టుకోవాలి. అది పజిల్ రాసినంత పనే. లాజిక్ పజిల్‌లో ఒక మంచి గుణం ఉంది. ఓడినవాడికి కూడా జవాబు చెప్పగానే "అవును కదా" అనిపిస్తుంది, చెప్పే తీరులో చెబితే. అందుకే ఈ స్పీచ్‌కి అంత బరువుంది. అంచనా ప్రశ్న అయ్యాక వివరించడానికి ఏమీ ఉండదు. పజిల్ అయ్యాక ఉంటుంది, మీరు దాన్ని వదిలేశారు.

నసగాడు · 7:15

మీరు చెప్పిన ఉదాహరణ ప్రశ్న ఎన్నుకున్నవాడి తప్పు, పద్ధతి తప్పు కాదు. నా మాట మీద నేనుంటా.

గణితపిచ్చి · 7:30

స్లైడ్‌లో "ఒకటి" అని ఉంటే నా మొదటి పాయింటే నిలబడుతుంది. రెండో పాయింటూ నిలబడుతుంది. 2015లో సింగపూర్ నుంచి ఒక పజిల్ ప్రపంచమంతా తిరిగింది గుర్తుందా, షెరిల్ పుట్టినరోజు ఎప్పుడని? అందులోనూ కొంతమంది జులై 16 అన్నారు, కొంతమంది ఆగస్టు 17 అన్నారు. రెండు జవాబులున్నా పోటీ పెట్టినవాళ్ళు ఒకటే ఒప్పుకున్నారు. పెట్టినవాడు ఏది అనుకున్నాడో కనిపెట్టడం కూడా ఆటలో భాగమే.

పాతబజర్ · 8:05

అది వేరు. ఆ పజిల్‌లో రెండు సరైన జవాబులు లేవు. ఒకడు "నాకు తెలియదు, రెండోవాడికి కూడా తెలియదని నాకు తెలుసు" అంటాడు. ఆ రెండో ముక్కని, రెండోవాడు తనంతట తాను చెప్పిన వేరే మాటగా తీసుకున్నవాళ్ళు ఆగస్టు 17కి వెళ్ళారు. పజిల్‌లో మాట్లాడింది ఎవరో చూస్తే జులై 16 తప్ప కుదరదు. ఇంకో సంగతి కూడా చూడండి. పోటీ వాళ్ళు జులై 16 అని ప్రకటించి ఊరుకోలేదు. ఆగస్టు 17 ఎందుకు కాదో కూడా విడిగా వివరించారు. తప్పు జవాబుకి అంత మర్యాద ఇచ్చారు.

మైకుముందు గారి కేసులో తేడా చదివినవాళ్ళ బుర్రలో లేదు, స్లైడ్‌లో ఉంది. ఇక "పెట్టినవాడి మనసు కనిపెట్టాలి" అనేది సోఫాలో కూర్చున్నప్పుడు బానే ఉంటుంది. టైము నడుస్తుంటే పోటీదారు స్క్రీన్‌ని నమ్ముతాడు. పైగా కొన్ని పజిల్స్‌కి "తేలదు" అన్నదే సరైన జవాబు. అది చెల్లదని మీ రూల్స్‌లో ఎక్కడైనా చెప్పారా?

మైకుముందు · 8:11

లేదు.

రెండోస్థానం · 9:02

నేను పోటీదారుల వైపు నుంచి చెబుతాను. టై బ్రేకర్‌లో రెండుసార్లు ఓడాను. ఒకసారి హోస్టు "ఇద్దరూ విజేతలే" అన్నాడు. చేతిలో ఖాళీ, పక్కవాడి చేతిలో కప్పు, నా వైపు చూసి విజేత అంటున్నాడు. పైకి నవ్వాను. ఆ మాట ఓదార్పుగా అనిపించలేదు, తొందరగా దిగిపొమ్మన్నట్టు అనిపించింది.

రెండోసారి హోస్టు ఒక ఆవిడ. పజిల్ జవాబు చెప్పాక మా కాగితం చేతిలోకి తీసుకుని, "వీళ్ళు మూడో మెట్టు దాకా సరిగ్గా వచ్చారు, నాలుగో మెట్టులో ఎడమ, కుడి తారుమారయ్యాయి" అని మా గీతల్ని జనానికి చూపించారు. అంతే. పొగడలేదు. కానీ మేము ఏం చేశామో ఆ హాల్లో అందరికీ తెలిసింది. ఓటమి తేడా అక్కడ తెలుస్తుంది. పెన్నుకి మూత పెట్టి వెళ్ళిపోయిన ఆ అమ్మాయే కేసులు కట్టి ఉంటుందని నా అనుమానం.

మైకుముందు · 9:20

అవునండీ, చీటీ మీద చేతిరాత ఆవిడదే.

స్కోరుషీట్ · 9:48

నాది చిన్న సందేహం. 115-115 అని మైకులో చెప్పేముందు షీట్ రెండోసారి కూడారా? ఎందుకు అడుగుతున్నానంటే, ఒకసారి నేను స్కోరు రాస్తున్నప్పుడు టై అన్నాం, టై బ్రేకర్ నడిపాం, కప్పు ఇచ్చేశాం. ఇంటికెళ్ళి షీట్ చూస్తే నాలుగో రౌండ్‌లో పాస్ అయి వచ్చిన ప్రశ్నకి ఐదు మార్కులు ఎక్కలేదు. అసలు అది టైనే కాదు. రాత్రంతా నిద్ర పట్టలేదు. అప్పటినుంచి, టై అనగానే రౌండ్ రౌండ్‌కీ టోటల్ మళ్ళీ వేసి, ఇద్దరు కెప్టెన్లకీ చూపించి సంతకం పెట్టించుకుంటున్నాను.

ఇంకోటి. "పేరుపేరునా ధన్యవాదాలు" అన్నారు. ఒక్క పేరైనా చెప్పారా? 🙂 బల్ల వెనక కూర్చునేవాళ్ళం ఈ మాట విని విని అలిసిపోయాం.

మైకుముందు · 10:05

రెండుసార్లు కూడాం, కెప్టెన్లు చూశారు, ఆ విషయంలో బతికిపోయాను. పేర్లు మాత్రం చెప్పలేదు. నిజానికి ఆరో రౌండ్‌లో బి జట్టు నేను తప్పు అన్న జవాబుని ఛాలెంజ్ చేస్తే, మా స్కోరర్ రెండు నిమిషాల్లో ప్రశ్న కాగితం వెతికి వాళ్ళదే రైటని తేల్చింది. ఆ పది మార్కులే లేకపోతే టై అయ్యేదే కాదు. ఆ మాట స్టేజీ మీద చెప్పాల్సింది కదా!

స్కోరుషీట్ · 10:09

అదే చెప్పాల్సింది. "స్కోరర్లకి ధన్యవాదాలు" అంటే ఎవరూ వినరు. "ఆరో రౌండ్‌లో నా తప్పుని పట్టుకున్నావిడ" అంటే హాలంతా అటు తిరుగుతుంది.

పాతబజర్ · మధ్యాహ్నం 1:25

ఇప్పుడు స్పీచ్ దగ్గరికి వద్దాం. నేనైతే ఏ వరుసలో మాట్లాడతానో చెబుతాను, ఇదే శిలాశాసనం అని కాదు.

ముందు జవాబు, తర్వాత థాంక్స్. జనం బుర్రలో పజిల్ ఇంకా తిరుగుతూ ఉంటుంది. జవాబు ఎందుకో తెలియకుండా థాంక్స్ మొదలుపెడితే ఒక్క ముక్క చెవిలోకి పోదు. జవాబు కూడా నేను పైన రాసినట్టు నాలుగు కేసుల లెక్కగా చెప్పకూడదు, స్టేజీ మీద అది కిరాణా చిట్టాలా ఉంటుంది. ఒక దారి పట్టుకుని నడవాలి. ఇందులో దారి ఆకుపచ్చ పెట్టె. అది "ఎరుపు నిజమే" అంటోంది. కాబట్టి ఆ రెండూ జోడీ, నిజమైతే రెండూ నిజం, అబద్ధమైతే రెండూ అబద్ధం. నిజం ఒక్కటే అన్నారు కాబట్టి జోడీకి చోటు లేదు, రెండూ అబద్ధమే. ఎరుపు మీద రాసింది అబద్ధం అంటే పసుపులోనూ లేదు, ఆకుపచ్చలోనూ లేదు. పసుపులో లేదు కాబట్టి పసుపు మీద రాసింది కూడా అబద్ధం. ఇక నిజం కావడానికి మిగిలింది నీలం. అది "నాలో లేదు" అంటోంది. మిగిలింది ఎరుపు. తాళం ఎరుపులో ఉందని ఏ పెట్టే చెప్పలేదు, అదే దీని అందం. ముప్పై, నలభై సెకన్లలో చెప్పేయొచ్చు.

తర్వాత గెలవని జట్టు చీటీ. అందులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ తర్వాతే గెలిచినవాళ్ళు. వాళ్ళని "అదృష్టం" అనకండి. మీరు గమనించారో లేదో, ఆ ఒక్క మాటతో రెండు జట్లనీ తక్కువ చేశారు. గెలిచినవాళ్ళ ఆలోచనని లాటరీ చేశారు, ఓడినవాళ్ళ దగ్గరేమో ఉన్న కారణాన్ని దాచేశారు.

థాంక్స్ చివర్లో. ముగ్గురు చాలు, ముగ్గురికీ వాళ్ళు చేసిన పని చెప్పి.

గణితపిచ్చి · 1:50

ఆకుపచ్చ-ఎరుపు జోడీ సంగతి నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నా. నేనూ టేబులే వేశాను.

కానీ ఒక ప్రశ్న. "ఒకటి నిజం" అని మామూలు తెలుగులో అంటే జనం ఒక్కటనే అనుకుంటారు కదా? నలుగురిలో ఒకడు దొంగ అంటే ఇద్దరు దొంగలని ఎవరనుకుంటారు? అలా చూస్తే స్లైడ్ కూడా తప్పు కాదు.

రెండోస్థానం · 2:04

"పెన్ను ఒకటి ఉందా" అని అడిగితే జేబులో మూడున్నవాడు కూడా "ఉంది" అనే అంటాడు కదండీ. తెలుగులో రెండూ నడుస్తాయి. నోటి మాటలో సందర్భం కాపాడుతుంది, పజిల్‌లో సందర్భం ఉండదు.

పాతబజర్ · 2:30

అందుకే నేను "సరిగ్గా ఒక్కటే నిజం, మిగతా మూడూ అబద్ధం" అని రాస్తాను. చదవడానికి మొరటుగా ఉంటుంది, ఉండనీ. లైన్ రెండో వరుసలోకి పోతే అక్షరాల సైజు తగ్గించండి, మాటలు తగ్గించకండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పజిల్ తెలియని ఒకళ్ళకి స్లైడ్ మాత్రమే చూపించి, నోరు మెదపకుండా కూర్చోండి. వాళ్ళు "అంటే ఒక్కటేనా?" అని అడిగారంటే దొరికినట్టే. మీరు చదివి వినిపిస్తూ టెస్ట్ చేస్తే మీ గొంతు తప్పుని కప్పేస్తుంది. ఇక్కడ జరిగింది అదే.

మైకుముందు · 3:15

నిజమే, మా తమ్ముడికి టెస్ట్ చేశాను, నేనే చదివి వినిపించాను. వాడు ఒక్క నిమిషంలో ఎరుపు అన్నాడు.

మీరంతా చెప్పింది పెట్టుకుని, నిన్న మాట్లాడాల్సింది ఏంటో రాశాను. చూడండి:

"తాళంచెవి ఎరుపు పెట్టెలో ఉంది. ఎందుకో చెబుతాను. (ఇక్కడ పాతబజర్ గారి జోడీ వివరణ.) ఇప్పుడు ఎ జట్టు చీటీ చదువుతాను. నీలంలో లేదు, మిగతా మూడింట్లో ఎక్కడైనా ఉండొచ్చు అని రాశారు. నిజం కనీసం ఒకటి అనుకుంటే ఈ జవాబులో వంక పెట్టడానికి లేదు. దీన్ని నిమిషం నలభై సెకన్లలో తేల్చారు. నేను ఒక్కటే అని చదివాను, ఆ మాట పట్టుకుని బి జట్టు ఎరుపు దగ్గర ఆగింది, వాళ్ళకి అభినందనలు. ఆరో రౌండ్‌లో నేను తప్పు చెబితే కాగితం తెచ్చి నా ముందు పెట్టిన మా స్కోరర్‌కి, సెకన్లతో సహా టైము రాసిన టైమ్‌కీపర్‌కి, జవాబు తెలిసినా పెదవి కదపకుండా కూర్చున్న ముందు వరుసలకి ధన్యవాదాలు. ఎ జట్టు, బి జట్టు, ఇద్దరూ ఇటు రండి, చీటీలు పట్టుకుని ఫొటో దిగుదాం."

చదివి చూసుకున్నాను, రెండు నిమిషాల లోపే అవుతోంది.

స్కోరుషీట్ · 3:32

ముందు వరుసల మాట బాగుంది. చీటీలతో ఫొటో కూడా.

నసగాడు · 3:40

అందులో స్లైడ్ తప్పు మీదని ఎక్కడుంది? "నేను ఒక్కటే అని చదివాను" అని తప్పించుకుంటున్నారు. విన్నవాళ్ళకి, ఎ జట్టు సరిగా వినలేదేమో అనిపిస్తుంది.

పాతబజర్ · 3:58

మొదటిసారి నసగాడు గారితో ఏకీభవిస్తున్నాను. ఆ సంగతి అప్పుడే తెలిసుంటే, స్టేజీ మీద స్పీచ్ కాదు చేయాల్సింది. "స్క్రీన్ మీద ఒకటి, నా నోట ఇంకొకటి వచ్చాయి, కాబట్టి ఈ పజిల్ రద్దు, ఇంకొకటి" అనాలి. దానికోసమే సంచిలో రెండో పజిల్ ఎప్పుడూ ఉండాలి. కప్పు ఇచ్చేశాక తెలిసింది కాబట్టి ఇప్పుడు ఏం చేయాలన్నది వేరే ప్రశ్న.

గణితపిచ్చి · 4:10

రద్దు ఎందుకు? చెప్పింది సరైనదే కదా. స్క్రీన్‌కీ నోటికీ తేడా వస్తే హోస్టు నోటి మాటే ఫైనల్. చాలా చోట్ల అదే రూల్.

రెండోస్థానం · 4:16

నేను ఆడిన చోట్ల స్క్రీన్‌దే ఫైనల్. ఏదో ఒకటి ముందే చెప్పాలి, అంతే. చెప్పనప్పుడు ఎవరిది రైటు?

గణితపిచ్చి · 4:21

హోస్టుదే.

రెండోస్థానం · 4:22

హోస్టే తప్పు చేసినప్పుడు కూడానా?

మైకుముందు · 5:45

ఈ లోపు ఎ జట్టు వాళ్ళకి మెసేజ్ పెట్టాను. నేను పెట్టింది ఇది: "స్లైడ్‌లో ఒక్కటే బదులు ఒకటి అని పడింది, తప్పు నాది. మీ జవాబు స్లైడ్ ప్రకారం సరైనది. స్టేజీ మీద నేను వేసిన జోకు మీ చీటీ సరిగ్గా చదవకుండా వేసింది. క్షమించండి. ఫైనల్ వీడియో కింద ఈ మాట రాసి పెడతాను." స్పీచ్‌లో ఆ ముక్క కట్ చేద్దామా అని కూడా అనుకున్నాను.

రెండోస్థానం · 5:52

కట్ చేయకండి. కట్ చేస్తే ఆవిడ ఎందుకు వెళ్ళిపోయిందో వీడియో చూసినవాళ్ళకి అర్థం కాదు, పొగరనుకుంటారు. జోకు ఉండనివ్వండి, కింద మీ మాట ఉండనివ్వండి.

ఊరికేవచ్చా · 6:20

మొత్తం చదివాను. నా ఫార్మాట్‌లో పజిల్ జవాబు చెప్పడానికి చోటు లేదు, ఎక్కడ ఇరికించాలో చెప్పగలరా?

స్కోరుషీట్ · 6:24

"పరోక్షంగానూ" దగ్గర 😀

మైకుముందు · రాత్రి 9:37

రిప్లై వచ్చింది. పెన్ను మూత పెట్టిన అమ్మాయే రాసింది. జోకు గురించి ఒక్క ముక్క కూడా లేదు. రాసింది మాత్రం ఇది:

"ఒకటా, ఒక్కటేనా అని అడుగుదామని చెయ్యెత్తాను సార్. మీరు బి జట్టు వైపు చూస్తున్నారు. టైమ్‌కీపర్ గారు నన్ను చూశారు, తల అడ్డంగా ఊపారు. టైము నడుస్తోందని, స్క్రీన్ మీద ఉన్నదాన్ని బట్టి రాసిచ్చాం. కావాలంటే ఆయన్ని అడగండి."

వీడియోలో చూశాను. కెమెరా బి జట్టు బల్ల మీద ఉంది. ఎ జట్టు బల్ల అంచు, ఒక మోచెయ్యి మాత్రం కనిపిస్తున్నాయి. మోచెయ్యి పైకి లేచింది, అది 52వ సెకను.

పాతబజర్ · 9:44

సందేహం అడగొచ్చా లేదా అన్నది రూల్స్‌లో ఉందా?

మైకుముందు · 9:46

అదీ లేదు. టైమ్‌కీపర్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. రేపు పొద్దున కలిసి అడుగుతాను. స్పీచ్‌లో ఆయనకి థాంక్స్ చెప్పే లైన్ మాత్రం అప్పటిదాకా పక్కన పెట్టాను.